పదహారు గళ్లలో తొమ్మిది ఒకట్లు

ఇంజనీరింగ్ రెండో ఏడాది విద్యార్థుల ఫోన్లలో ఒక తరహా ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. బోర్డు మీద సుద్దముక్కతో రాసిన పొడవాటి వరుస, నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, వాటి మధ్య కూడిక గుర్తులు, కొన్ని అక్షరాల నెత్తిన చిన్న గీతలు. క్లాసు అయిపోయే హడావుడిలో వెనక బెంచీ నుంచి తీసింది కాబట్టి కాస్త ఏటవాలుగా ఉంటుంది. జేఎన్‌టీయూ సిలబస్‌లో ‘స్విచ్చింగ్ థియరీ అండ్ లాజిక్ డిజైన్’ చదివినవారికి, పాలిటెక్నిక్‌లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివినవారికి ఆ వరుస బాగా పరిచయం. దాని పేరు బూలియన్ సమాసం. దాన్ని వీలైనంత కురచగా మార్చమన్నది ప్రశ్న.

అలాంటి ఫొటోల్లో ఒకదాన్ని తీసుకుందాం. నెత్తిన గీతను క్లాసులో ‘బార్’ అంటారు. అచ్చులో సౌలభ్యం కోసం ఇక్కడ ఆ గీతకు బదులు అక్షరం పక్కన చిన్న కొమ్ము పెడుతున్నాం.

```
F = A'B'D' + A'BD + AB'C'D' + ABC'D + ABC + AB'CD'
```

ఇందులో ప్రతి అక్షరం ఒక స్విచ్ లాంటిది. దానికి రెండే విలువలు: 0 లేదా 1. పక్కపక్కన రాసిన అక్షరాలన్నీ ఒకేసారి 1 అయితేనే ఆ పదం 1 అవుతుంది. కూడిక గుర్తుతో కలిపిన పదాల్లో ఏ ఒక్కటి 1 అయినా F విలువ 1. బార్ ఉంటే విలువ తారుమారవుతుంది, 0 ఉన్నచోట 1 అని చదవాలి. జార్జ్ బూల్ 19వ శతాబ్దంలో తర్కం కోసం అల్లిన ఈ గణితం రిలేలు, స్విచ్చులతో కట్టే సర్క్యూట్లకు అతికినట్టు సరిపోతుందని 1937లో క్లాడ్ షానన్ ఎంఐటీలో రాసిన మాస్టర్స్ సిద్ధాంతవ్యాసంలో చూపించాడు. అప్పటినుంచి సమాసంలో ఒక అక్షరం తగ్గిందంటే సర్క్యూట్‌లో ఒక తీగ తగ్గినట్టే.

లెక్కలోకి దిగేముందు ఫొటోను సరిగ్గా చదవాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

మొదటి పదంలో A మీద ఒక గీత, B మీద ఒక గీత ఉన్నాయి. సుద్దతో రాసేటప్పుడు ఆ రెండు గీతల మధ్య సందు వెంట్రుకంత ఉంటుంది. ఫొటో మసకబారితే రెండూ కలిసి ఒకే పొడవాటి గీతలా కనిపిస్తాయి. విడివిడి గీతలైతే అది A'B'. అంటే A, B రెండూ 0 కావాలి. ఒకే గీతైతే అది (AB)'. అంటే రెండూ ఒకేసారి 1 కాకపోతే చాలు. డీమోర్గన్ సూత్రం ప్రకారం ఇది A' + B'కు సమానం. A విలువ 0, B విలువ 1 అనుకుని చూస్తే తేడా తేలిపోతుంది: మొదటిదాని విలువ 0, రెండోదాని విలువ 1.

ఫొటోను పెద్దది చేసి సందు ఉందేమో వెతకడం మొదటి పని. అదీ తేలకపోతే సమాసమే సాక్ష్యం చెబుతుంది. పొడవాటి గీత అనుకుంటే మొదటి పదం (AB)'D' అవుతుంది. A ఎలా ఉన్నా సరే, B, D రెండూ 0 అయిన ప్రతిసారీ దాని విలువ 1. అప్పుడు మూడో పదం AB'C'D'కు, చివరి పదం AB'CD'కు వేరే పనే ఉండదు. ఆ రెంటినీ మొదటి పదమే మింగేస్తుంది. విడివిడి గీతలు అనుకుంటే మాత్రం ఆరు పదాల్లో ఒకటి ఇంకొకదాని మీదికి రాదు. ప్రతిదానికీ తనదైన చోటు ఉంటుంది. ఇంత పొందిక యాదృచ్ఛికంగా కుదరడం అరుదు కాబట్టి మొదటి చదువే సరైనదని గట్టిగా అనుకోవచ్చు. అయితే ఇది ఊహే తప్ప రుజువు కాదు. అనవసరమైన పదాలు కావాలనే చేర్చి ప్రశ్న ఇచ్చేవాళ్లూ ఉంటారు. బోర్డు మీద రాసినవారిని అడిగే వీలుంటే అడగడమే మేలు. ఇక్కడ ఫొటోను పెద్దది చేస్తే సందు కనిపించిందనుకుని ముందుకు వెళదాం.

నాలుగు అక్షరాలకు 0, 1 విలువలు ఇచ్చే పద్ధతులు మొత్తం పదహారు. A, B, C, D విలువలను వరుసగా రాసి, వాటికి 8, 4, 2, 1 బరువులు వేసి కూడితే 0 నుంచి 15 వరకు ఒక్కో పద్ధతికీ ఒక్కో సంఖ్య వస్తుంది. F విలువ 1 అయ్యే ప్రతి పద్ధతినీ ఒక మింటర్మ్ అంటారు. ఇప్పుడు ఒక్కో పదం ఏయే మింటర్మ్‌లను ఇస్తుందో చూడాలి. A'B'D'లో C లేదు కాబట్టి C విలువ 0 కావచ్చు, 1 కావచ్చు. అంటే 0000, 0010. వీటి సంఖ్యలు 0, 2. A'BDలోనూ C లేదు. అవి 0101, 0111, అంటే 5, 7. AB'C'D'లో నాలుగు అక్షరాలూ ఉన్నాయి కాబట్టి ఒక్కటే: 1000, అంటే 8. ABC'D అంటే 13. ABCలో D లేదు కాబట్టి 14, 15. చివరిది 10.

సరి చూసుకోవడానికి తేలికైన దారి ఉంది. నాలుగు అక్షరాల లెక్కలో మూడక్షరాల పదం రెండు మింటర్మ్‌లను ఇస్తుంది, నాలుగక్షరాల పదం ఒకదాన్నే ఇస్తుంది. ఇక్కడ మూడక్షరాలవి మూడు, నాలుగక్షరాలవి మూడు. అంటే ఆరు, మూడు కలిపి తొమ్మిది. పైన వచ్చినవి 0, 2, 5, 7, 8, 10, 13, 14, 15. అవీ తొమ్మిదే, ఏదీ రెండోసారి రాలేదు.

ఈ తొమ్మిదింటినీ బీజగణితంతోనే కుదించవచ్చు. AB'C'D', AB'CD' రెండింటిలో C ఒక్కటే మారుతోంది కాబట్టి అవి కలిసి AB'D' అవుతాయి. అది A'B'D'తో కలిసి B'D' అవుతుంది. కానీ ఏది దేనితో జత కడుతుందో ఆ పొడవాటి వరుసలో కంటికి ఆనదు. ఒక జత తప్పిపోయినా చేసేవారికి తెలియదు. ఆ జతలు చూడగానే కనబడేలా మింటర్మ్‌లను ఒక పటంలో అమర్చాలన్న ఆలోచన 1952లో ఎడ్వర్డ్ వీచ్ వేసిన చార్టులో రూపం దిద్దుకుంది. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే మారిస్ కార్నా దానికి మెరుగులు దిద్దాడు. నేడు విద్యార్థులు కె-మ్యాప్ అని పిలిచేది కార్నా పద్ధతినే.

పటంలో నాలుగు అడ్డవరుసలు A, B విలువలవి, నాలుగు నిలువు వరుసలు C, D విలువలవి. అసలు కిటుకు వరుసల క్రమంలో ఉంది. మామూలుగా లెక్కపెడితే 00, 01, 10, 11 అని వస్తుంది. పటంలో మాత్రం 00, 01, 11, 10 అని రాయాలి. 01 నుంచి 10కి వెళితే రెండు అంకెలూ మారతాయి. 01 నుంచి 11కి వెళితే ఒక్కటే మారుతుంది. పక్కపక్క గళ్ల మధ్య ఒకే ఒక్క అక్షరం మారాలన్నదే ఈ క్రమం ఉద్దేశం. ఇదే క్రమం బెల్ ల్యాబ్స్‌కే చెందిన ఫ్రాంక్ గ్రే 1953లో పేటెంట్ పొందిన కోడ్‌లోనూ ఉంది. దాన్ని గ్రే కోడ్ అంటారు.

తొమ్మిది మింటర్మ్‌లనూ వాటి వాటి గళ్లలో 1గా నింపి, మిగతా ఏడింటిలో 0 రాస్తే పటం ఇలా ఉంటుంది.

```
 AB\CD   00   01   11   10
  00      1    0    0    1
  01      0    1    1    0
  11      0    1    1    1
  10      1    0    0    1
```

చూపు మొదట పటం నడుమకు పోతుంది. అక్కడ నాలుగు ఒకట్లు చతురస్రంలా ఉన్నాయి: 5, 7, 13, 15. వాటి చుట్టూ ఒక గీత గీయాలి. గుంపులో ఎన్ని గళ్లు ఉండొచ్చన్నదానికి నియమం ఉంది: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. మూడు, ఆరు లాంటివి కుదరవు. ఒక అక్షరం తొలగిన ప్రతిసారీ గళ్లు సరిగ్గా రెట్టింపు అవుతాయి కాబట్టి ఆ నియమం వచ్చింది.

గుంపును పదంగా చదవడం తేలిక. ఆ నాలుగు గళ్లలో మారనిది ఏదో చూస్తే చాలు. అడ్డవరుసలు 01, 11. వీటిలో A మారింది, B మాత్రం 1గానే ఉంది. నిలువు వరుసలు 01, 11. C మారింది, D మాత్రం 1గానే ఉంది. మారిన అక్షరాలు పోతాయి, మారనివి మిగులుతాయి. కాబట్టి ఈ గుంపు పేరు BD.

ఇక నాలుగు మూలల్లో నాలుగు ఒకట్లు ఉన్నాయి. దూరం దూరంగా కనిపించినా అవీ ఒకే గుంపు. ఎడమ అంచున ఉన్న 00కీ కుడి అంచున ఉన్న 10కీ మధ్య ఒక్క అక్షరమే మారుతుంది. పైఅంచుకూ కింది అంచుకూ అంతే. కాగితాన్ని గొట్టంలా చుట్టి కుడి, ఎడమ అంచులు కలిపితే ఆ పొరుగుతనం కంటికి కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ మూలల గుంపునే. నాలుగింటిలోనూ B, D రెండూ 0గానే ఉన్నాయి, A, C మారుతున్నాయి. కాబట్టి ఇది B'D'.

ఎనిమిది ఒకట్లు అయిపోయాయి. మిగిలింది ఒక్కటే, మూడో అడ్డవరుస చివరన ఉన్న 14. ఆ వరుసలో 13, 15, 14 మూడూ వరుసగా ఉన్నాయి కాబట్టి మూడింటి చుట్టూ ఒకే గీత గీయాలన్న తొందర పుడుతుంది. అది కుదరదు. 14కు ఒకట్లున్న పొరుగు గళ్లు రెండు: ఎడమన 15, కింద 10. ఆ రెండూ ఇప్పటికే వేరే గుంపుల్లో ఉన్నాయి. అయినా పరవాలేదు, ఒక గడి ఎన్ని గుంపుల్లోనైనా ఉండొచ్చు. 14ను 15తో జత చేస్తే ABC వస్తుంది. 10తో జత చేస్తే ACD' వస్తుంది.

```
F = B'D' + BD + ABC
F = B'D' + BD + ACD'
```

రెండూ సరైన జవాబులే. రెండింటిలోనూ మూడేసి పదాలు, ఏడేసి అక్షరాలు ఉన్నాయి. ఇంతకంటే చిన్నది ఈ రూపంలో లేదు. పుస్తకం వెనక ఒక జవాబు అచ్చయి, తన నోట్‌బుక్‌లో ఇంకొకటి ఉంటే చాలామంది విద్యార్థులు తమది తప్పని కొట్టేస్తారు. పటం నుంచి వచ్చే కనిష్ఠ రూపం ఒక్కటే ఉండాలన్న నియమం ఏదీ లేదు. BD, B'D' మాత్రం తప్పించుకోలేనివి. 5ను, 13ను BD తప్ప ఇంకే పెద్ద గుంపూ పట్టుకోదు. 0ను, 8ను B'D' తప్ప ఇంకేదీ పట్టుకోదు. అలాంటి గుంపుల్ని ఎసెన్షియల్ ప్రైమ్ ఇంప్లికెంట్లు అంటారు. మనకు ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నది 14 దగ్గర మాత్రమే.

ఇప్పుడు ఆ వెంట్రుకంత సందు దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్లొస్తే దాని విలువ తెలుస్తుంది. గీతలు కలిసిపోయాయని చదివి ఉంటే 4, 6 గళ్లలో కూడా 1 చేరేది. BD, B'D' అలాగే ఉండేవి. 4ను A'Bతో గానీ A'D'తో గానీ, 14ను BCతో గానీ CD'తో గానీ పట్టుకోవాల్సి వచ్చేది. అంటే నాలుగు పదాల జవాబులు నాలుగు వచ్చేవి, వాటిలో ఏదీ అసలు ప్రశ్నకు జవాబు అయ్యేది కాదు. పటం తన పని నిర్దోషంగానే చేస్తుంది. ఫొటోను తప్పుగా చదివితే ఆ తప్పును పట్టుకునే శక్తి మాత్రం దానికి లేదు.

వరుసల క్రమం తప్పితే ఏమవుతుందో ఇదే ఉదాహరణ చూపిస్తుంది. 00, 01, 10, 11 అని రాసి ఈ తొమ్మిది ఒకట్లనూ నింపితే పటం చదరంగం బల్లలా తయారవుతుంది. నడిమి చతురస్రం విడిపోతుంది, మూలల గుంపు మాయమవుతుంది. కుదించడానికి ఏమీ లేనట్టు అనిపిస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. 13, 14 పక్కపక్కన వచ్చి జతలా కనిపిస్తాయి. ఒకటి 1101, మరొకటి 1110. రెండు అక్షరాలు మారుతున్నాయి. అయినా జత కట్టేస్తే మిగిలే పదం AB. దానితో 12 కూడా లోపలికి వచ్చేస్తుంది. A, B విలువలు 1, C, D విలువలు 0 పెట్టి అసలు సమాసంలో చూస్తే ఆరు పదాలూ 0 అవుతాయి. కుదించిన దానిలో మాత్రం 1 వస్తుంది. తప్పు దొరికిపోయింది.

జవాబును ఇలా పదహారు వరుసల్లోనూ పెట్టి చూడటం మంచి అలవాటే. కానీ ఆ పరీక్ష ఒక రకం తప్పునే పట్టుకుంటుంది. మూలల గుంపును చూడకుండా 0, 8లను ఒక జతగా, 2, 10లను ఇంకో జతగా తీసుకున్నవారికి B'C'D' + B'CD' వస్తుంది. విలువలన్నీ సరిపోతాయి, పరీక్షలో అన్ని వరుసలూ నెగ్గుతాయి. జవాబు మాత్రం కనిష్ఠం కాదు. దాన్ని పట్టుకోవాలంటే ప్రతి గుంపు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని ఇంకా రెట్టింపు చేయగలమా? ఈ గుంపును తీసేస్తే ఒంటరిగా మిగిలిపోయే ఒకటి ఉందా? మొదటిదానికి కాదని, రెండోదానికి అవునని ప్రతి గుంపు దగ్గరా జవాబు రావాలి. ఏ గుంపును పట్టాలన్న ఎంపిక 14లాంటి ఒక్క గడి దగ్గరే ఉన్న ఇలాంటి చిన్న పటానికి ఆ రెండు ప్రశ్నలు చాలు.

కుదింపుతో ఎంత మిగిలిందో లెక్క చూద్దాం. ఫొటోలోని సమాసాన్ని ఉన్నదున్నట్టు కడితే ఆరు ఆండ్ గేట్లు, ఆరు తీగలు తీసుకునే ఒక ఆర్ గేటు, నాలుగు ఇన్వర్టర్లు కావాలి. అంటే పదకొండు. కుదించిన రూపానికి మూడు ఆండ్ గేట్లు, ఒక ఆర్ గేటు, B కోసం, D కోసం రెండు ఇన్వర్టర్లు చాలు. మొత్తం ఆరు.

ఇంకో విశేషం కూడా ఉంది. B'D' + BD అంటే B, D రెండూ ఒకేలా ఉన్నప్పుడు 1 అని అర్థం. మెట్ల దీపానికి కింద ఒకటి, పైన ఒకటి పెట్టే టూ-వే స్విచ్చులు చేసేది ఇలాంటి పనే. ఏ స్విచ్ నొక్కినా దీపం స్థితి మారుతుంది. దీనికోసమే ఎక్స్-నార్ అనే గేటు విడిగా దొరుకుతుంది. దాన్ని వాడితే ఒక ఎక్స్-నార్, ఒక ఆండ్, ఒక ఆర్ కలిపి మూడు గేట్లతో ముగుస్తుంది. కె-మ్యాప్ కనిష్ఠమని చెప్పేది ఆండ్ పదాల కూడికగా రాసిన రూపాల్లో మాత్రమే. ఎక్స్-నార్‌ను అది తనంతట తాను సూచించదు. అడ్డదిడ్డంగా పడిన ఒకట్లలో ఆ ఆకారాన్ని గుర్తుపట్టడం చూసేవారి పని.

అక్షరాలు ఐదైతే ఇలాంటి పటాలు రెండు, ఆరైతే నాలుగు పేర్చుకుని చూడాలి. ఒక పటంలోని గడి పక్క పటంలో అదే చోట ఉన్న గడికి పొరుగు అవుతుంది. అక్కడికే కన్ను అలిసిపోతుంది. అంతకు మించితే క్వైన్, మెక్‌క్లస్కీ 1950ల్లో రూపొందించిన పట్టిక పద్ధతి వాడతారు. అది కంప్యూటర్‌కు అప్పగించడానికి అనువైనది.

14 దగ్గర రెండు జవాబుల్లో దేన్నైనా తీసుకోవచ్చని పరీక్షలో అనుకోవచ్చు. నిజమైన సర్క్యూట్ కట్టేటప్పుడు ఆ ఎంపికకు బరువు ఉంటుంది. ABC ఉన్న రూపాన్ని కట్టామనుకుందాం. A, C రెండూ 1, D విలువ 0. B మాత్రం 1 నుంచి 0కి మారింది. పటంలో ఇది 14 నుంచి 10కి జరగడం. రెండు చోట్లా F విలువ 1 కాబట్టి బయటికి ఏ మార్పూ కనబడకూడదు. అయితే B పడిపోగానే ABC ఆగిపోతుంది. దాని స్థానంలోకి రావాల్సిన B'D' మాత్రం ఇన్వర్టర్ B'ను తయారుచేసేదాకా ఆగాలి. ఆ కొన్ని నానోసెకన్లు F విలువ 0కి పడి మళ్లీ లేస్తుంది. ఇంజనీర్లు దీన్ని హజార్డ్ అంటారు. F వెలిగించేది ఎల్ఈడీ బల్బునైతే ఆ కుదుపు ఎవరి కంటికీ తెలియదు. F ఒక కౌంటర్ గడియారానికి వెళుతుంటే మాత్రం ఒక అంకె ఎక్కువ లెక్కపడుతుంది. ఎందుకలా జరిగిందో వెతకడం చాలా కష్టం.

ఈ కుదుపు ఎక్కడ వస్తుందో కూడా పటమే చూపిస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు ఒకట్లు ఏ ఒక్క గుంపులోనూ కలిసి లేకపోతే అదే ప్రమాదస్థలం. ABC తీసుకుంటే 14, 10 మధ్య ఆ ఖాళీ ఉంటుంది, B మారినప్పుడు కుదుపు వస్తుంది. ACD' తీసుకుంటే 14, 15 మధ్య ఖాళీ ఉంటుంది, అప్పుడు D మారినప్పుడు వస్తుంది. ఈ పటంలో మిగతా పొరుగు జతలన్నీ ఇప్పటికే ఏదో ఒక గుంపులో ఉన్నాయి. తరచుగా మారేది B అని తెలిస్తే ACD'ను, D అని తెలిస్తే ABCని ఎంచుకుంటారు. రెండూ మారే అవకాశం ఉన్నచోట రెండు పదాలనూ ఉంచుతారు.

```
F = B'D' + BD + ABC + ACD'
```

పరీక్షలో దీనికి పూర్తి మార్కులు రావు, కనిష్ఠం కాదు కాబట్టి. ఒక ఆండ్ గేటు అదనంగా ఖర్చవుతుంది, ఆర్ గేటుకు ఇంకో తీగ చేరుతుంది. ఒకసారికి ఒక్క స్విచ్ మారినంతవరకు ఈ సర్క్యూట్‌లో F అనవసరంగా 0కి పడదు.